యంత్రం రాసే రోజుల్లో 'సొంత గొంతు' అంటే ఏమిటి?

మా రచయితల సంఘం ఈసారి సమావేశంలో నన్ను మాట్లాడమన్న అంశం: కృత్రిమ మేధ కాలంలో రచయిత సొంత గొంతు ఎందుకు ముఖ్యం. సభలో సగంమందికి యంత్రం మీద కోపం ఉంది, మిగతా సగం దాన్ని అప్పటికే వాడుతున్నారు. రెండు వర్గాల్లోనూ ఉన్నవాళ్లు కొందరున్నారని నా అనుమానం. ఆనాటి ప్రసంగాన్ని, ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలను కలిపి ఇక్కడ రాస్తున్నాను. చర్చంతా 'ఆత్మ ఉంది, లేదు' అనే మాటల దగ్గరే తిరుగుతుంటే ఎవరికీ ఏమీ తేలదు. అందుకని ముందు ఒక పేరాను బల్ల మీద పెట్టుకుందాం.

## ఒకే జ్ఞాపకం, రెండు పేరాలు

ఉదాహరణ కోసం రెండు పేరాలూ నేనే కూర్చాను. మొదటిది పోచంపల్లి వైపు చేనేత కుటుంబంలో పుట్టిన ఒక మనిషి తన తల్లి గురించి చెప్పినట్టు ఊహించుకోండి.

"మా అమ్మ ఆసు పోసేది. కూసుంటె లేసుడు లేదు. చెయ్యి అటు పోవుడు ఇటు వచ్చుడు, గంతే. రాత్రి అన్నం కలుపుకుంటందుకు చెయ్యి లేవకపోయేది. నాయినకు తెల్వదనుకునేది. చీర అమ్ముడువోతె 'మీ నాయిన మంచిగ నేసిండు' అనేటోళ్లు అందరు."

ఇదే పేరాను యంత్రానికిచ్చి 'భాష దిద్ది, మెరుగుపరచు' అంటే తిరిగి వచ్చే రకం పేరా ఇలా ఉంటుంది.

"మా అమ్మ ఎంతో కష్టపడి నూలు వడికేవారు. గంటల తరబడి అలుపెరగకుండా శ్రమించిన ఆమె చేతులు రాత్రివేళ నొప్పితో బాధపడేవి. అయినా ఆమె ముఖంపై చిరునవ్వు ఎన్నడూ చెరగలేదు. నాన్నగారు నేసిన ప్రతి చీర వెనుక ఆమె మౌన త్యాగం దాగి ఉంది."

రెండోది చదివి చాలామంది బాగుందనే అంటారు. సభలోనూ అన్నారు. అచ్చుతప్పులు లేవు, వాక్యాలు నున్నగా ఉన్నాయి. కాని ఒక్కొక్క మాటా పట్టుకుని చూస్తే జరిగింది భాష దిద్దడం ఒక్కటే కాదని తెలుస్తుంది.

మొదట ఆసు. ఇక్కత్ చీరకు నూలును రంగులో ముంచకముందు, దాన్ని ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల మీదికి, మళ్లీ వెనక్కి, వరస తప్పకుండా చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. నూలు వడకడం వేరే పని: రాట్నం మీద దూదిని పోగుగా తియ్యడం. 'ఆసు' కన్నా 'నూలు వడకడం' ఎక్కువ చోట్ల కనిపించే మాట కాబట్టి అది వచ్చి కూర్చుంది. అలా భాష దిద్దబోయి పని మార్చేసింది.

రెండోది చెయ్యి. 'అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేవకపోవడం' అన్నప్పుడు ఒక కంచం, ఒక భుజం, ఒక రాత్రి కనిపిస్తాయి. 'చేతులు నొప్పితో బాధపడేవి' అన్నప్పుడు ఏమీ కనిపించదు. పైగా బాధపడేది మనిషి, చేతులు కావు.

మూడోది చిరునవ్వు. అది మొదటి పేరాలో లేదు. ఆమె నవ్విందని ఎవరూ చెప్పలేదు. నాయినకు తెలియదనుకుని ఆమె నొప్పిని దాచుకుందని కొడుకు చెప్పాడు. ఆ దాపరికం పోయి, దాని చోట ఒక అబద్ధం వచ్చింది.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. మొదటి పేరా చివరి వాక్యం ఒక ఫిర్యాదు: పని ఆమెది, పేరు ఆయనది. రెండో పేరా ఆ ఫిర్యాదును పొగడ్తగా మార్చింది. 'మౌన త్యాగం' అనగానే ఎవరి మీదా నింద మిగలదు. చెప్పినవాడి అభిప్రాయమే తిరగబడింది, అదీ అతని సంతకం కిందే.

ఇక 'పోసేది' కాస్తా 'వడికేవారు' అయింది. తల్లిని 'పోసేది' అనడం ఆ ఇంట్లో అమర్యాద కాదు, దగ్గరితనం. 'వారు' పెట్టగానే కొడుకు కాస్తా సన్మాన పత్రం చదివే కార్యదర్శి అయిపోయాడు.

ఇప్పుడు నిర్వచనం తేలిక. గొంతు అంటే ఒక మనిషి ఏం చూశాడు, అందులో దేన్ని చెప్పడానికి ఎంచుకున్నాడు, దేన్ని ఏ వరసలో పెట్టాడు, ఎవరి పక్షాన నిలబడ్డాడు అన్నవి. యాస అందులో ఒక భాగం, అంతే.

## యంత్రం ఆ మాటలే ఎందుకు ఎంచుకుంటుంది?

భాషా నమూనా అనే ఈ యంత్రం చేసే పని వినడానికి చాలా చిన్నది. అప్పటిదాకా ఉన్న పాఠాన్ని చూసి తర్వాత ఏ ముక్క రావచ్చో లెక్క కడుతుంది. ఆ ముక్కను టోకెన్ అంటారు. అది ఒక పూర్తి మాట కావచ్చు, మాటలో భాగం కావచ్చు. లెక్కలో వచ్చినవాటిలోంచి ఒకటి తీసుకుని, దాన్ని చేర్చి, మళ్లీ తర్వాతి ముక్కకు లెక్క మొదలుపెడుతుంది.

'రాత్రి అన్నం కలుపుకుంటందుకు చెయ్యి...' దగ్గర ఆగుదాం. తర్వాత ఏం రావచ్చు? అర్థం కావడానికి ఊహాంకెలు వేసుకుందాం. వందలో 40 పాళ్లు 'కడుక్కునేది', 25 పాళ్లు 'చాచేది', ఇంకా కొన్ని. 'లేవకపోయేది' 2 పాళ్లు. అంటే ఆ మాట యంత్రానికి అసాధ్యమేమీ కాదు, వందసార్లు అడిగితే రెండుసార్లు రావచ్చు. కాని మన పేరాలో అలాంటి అరుదైన ఎంపికలు కనీసం ఐదున్నాయి: ఆసు, లేవని చెయ్యి, తెలియదనుకోవడం, చిరునవ్వు లేకపోవడం, పేరు తండ్రికి పోవడం. ఒక్కొక్కటీ వందలో రెండు పాళ్లే అయితే, ఐదూ వరసగా పడే అవకాశం వంద కోట్ల సార్లకు మూడు సార్లు. నిజానికి ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. ఒక అరుదైన వివరం పాఠంలో చేరితే తర్వాతి అరుదైన వివరానికి కొంచెం దారి తెరుచుకుంటుంది. రచయిత తన వివరాలు దండిగా ఇచ్చినప్పుడు యంత్రం కాస్త మెరుగ్గా రాయడానికి కారణం అదే. అయినా ఆ వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయో గమనించండి.

'మరి యాదృచ్ఛికత పెంచితే?' అని ఒక ఇంజినీరు మిత్రుడు అడిగాడు. అలాంటి మీట ఉంది, దాన్ని టెంపరేచర్ అంటారు. అది పెంచితే అరుదైన మాటలు ఎక్కువగా వస్తాయి. అయితే ఏ అరుదైన మాట నిజమో దానికి తెలియదు. చెయ్యి 'లేవకపోయేది' అని వచ్చినంత సులువుగా చెయ్యి 'మెరిసేది' అని కూడా వస్తుంది. ఆ మనిషి మాట అరుదు కావడానికి కారణం అతను ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండటం. పాచికలు ఇంకో రకంగా వేసినంత మాత్రాన ఆ కారణం పుట్టదు.

చిరునవ్వు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకో సంగతి. కుప్పలకొద్దీ పాఠం చదివించి ఇచ్చే మొదటి శిక్షణ అయ్యాక ఈ నమూనాలకు రెండో విడత ఉంటుంది. రెండు జవాబులు పక్కపక్కన పెట్టి ఏది బాగుందో మనుషుల చేత చెప్పిస్తారు, ఆ మెప్పు వైపుకి యంత్రాన్ని వంచుతారు. దీనివల్ల అది బూతులు తగ్గించుకుంటుంది, అడిగినదానికి సూటిగా చెబుతుంది. దాంతో పాటు మర్యాద, ఆశావాదం, ఎవరినీ నొప్పించని ముగింపు కూడా అలవాటవుతాయి. దుఃఖం చెప్పిన ప్రతిసారీ ఓదార్పు కలిపి ఇవ్వడం అందులోంచి వచ్చిందే.

## తెలుగుకు దెబ్బ కొంచెం ఎక్కువ

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. వెబ్‌లో ఉన్న పాఠంలో తెలుగు వాటా మాత్రం ఒక శాతంలో చాలా చిన్న వంతు. ఉన్నదాంట్లోనూ వార్తలు, సినిమా కబుర్లు, ఇంగ్లీషు నుంచి దించిన సమాచార వ్యాసాలు ఎక్కువ. శ్రీకాకుళంలో మాట్లాడే తెలుగు, అనంతపురంలో మాట్లాడే తెలుగు, కరీంనగర్‌లో మాట్లాడే తెలుగు అక్షరాల్లోకి ఎక్కిందే తక్కువ. పుస్తకాల్లోకి ఎక్కినదాంట్లో చాలా భాగం అచ్చులోనే ఆగిపోయి తెర మీదికి రాలేదు.

సాంకేతికంగా ఇంకో చిన్న చిక్కు ఉంది. కంప్యూటరు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరాన్ని ఒక బైటులో దాస్తే, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. 'అమ్మ'లో అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన టోకెన్ల పట్టికలో తెలుగు మాట ముక్కలు ముక్కలైపోతుంది. కొత్త నమూనాల్లో ఇది బాగా తగ్గింది, కాబట్టి దీని మీద నేను పెద్దగా బరువు పెట్టను. అసలు సమస్య పాఠం లేకపోవడమే.

పాఠం ఒకవైపే ఉంటే ఏమవుతుందో చూపిన ఒక పరిశోధన మనకు దగ్గరిది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు భారతీయులు, అమెరికన్లు కలిపి 118 మందితో ఇంగ్లీషులో రాయించారు. ఇష్టమైన తిండి, పండగ, మెచ్చుకునే ప్రముఖుడు, అలాంటి విషయాలు. కొందరికి రాస్తుండగా యంత్రం తర్వాతి మాటలు అందించింది, కొందరికి లేదు. 2025లో వెలువడిన ఆ ఫలితాల్లో, యంత్రం అందించిన మాటలతో రాసిన భారతీయుల రాత అమెరికన్ల రాత వైపు జరిగింది. తిండి అంటే పిజ్జా, పండగ అంటే క్రిస్మస్ అని అందించిందట. ప్రముఖుడి పేరుకు 'ఎస్' కొట్టగానే షారుఖ్ ఖాన్ కాకుండా హాలీవుడ్ పేరు ముందుకొచ్చింది. పిజ్జాను కొట్టేసి బిర్యానీ అని రాసుకోవడం ఎవరికైనా చాతనవుతుంది. దాని వర్ణన మాత్రం పరాయివాడు చూసి చెప్పినట్టే తయారైంది. వేసిన దినుసుల పేర్లకు బదులు ఘుమఘుమలు, రుచులు అని. ఆసు చోట వడకడం వచ్చినట్టే ఇది కూడా.

## యాస అడిగితే ఇస్తుంది కదా?

ఇస్తుంది. 'తెలంగాణ యాసలో రాయి' అంటే రెండో పేరా ఇలా మారవచ్చు: "మా అమ్మ గిట్ల మస్తు కష్టపడి నూలు వడికేవారు." మాట మీద మాట చల్లినట్టుంది. యాస ప్రాణం 'గిట్ల', 'గట్ల'లో లేదు, క్రియల్లో ఉంది. 'పోవుడు', 'లేసుడు', 'అమ్ముడువోతె', 'అనేటోళ్లు' అనే మనిషి నోట ఆ సందర్భంలో 'వడికేవారు' పలకదు. రాయలసీమ పేరిట రాసినదాంట్లో 'పోతాండాడు' పక్కనే 'వెళ్తున్నారు' కనిపించినా, ఉత్తరాంధ్ర అమ్మమ్మ మాటల మధ్య వార్తాపత్రిక వాక్యం తగిలినా చదివే స్థానికుడికి వెంటనే కాలికి రాయి తగిలినట్టుంటుంది. పరాయి ప్రాంతం పాఠకుడికి తగలదు. అందువల్లే ఈ తరహా రాత చలామణీ అవుతుంది.

ఇంతా చేసి యాస పూర్తిగా సరిగ్గా కుదిరినా చిరునవ్వు చిరునవ్వే, వడకడం వడకడమే. శిష్ట వ్యావహారికంలోనే జీవితమంతా రాసి, మొదటి వాక్యంతోనే ఎవరో తెలిసిపోయే రచయితలు మనకు ఎందరో ఉన్నారు.

## ఎదుటి పక్షం వాదనలు

సభలో వచ్చిన అభ్యంతరాల్లో మూడు బలమైనవి.

ఒకటి: చదును చెయ్యడం యంత్రంతో మొదలు కాలేదు. నిజమే. గిడుగు రామమూర్తి పోరాడింది జనం నోట లేని గ్రాంథికం మీద. ఆ తర్వాత గెలిచిన 'వ్యావహారికం' కూడా అందరిదీ కాలేదు. కాళోజీ నారాయణరావు కోస్తాలోని రెండున్నర జిల్లాల భాష అని ఎత్తిపొడిచింది దాన్నే. పాఠ్యపుస్తకం, పత్రిక డెస్కు, సినిమా, అన్నీ తలా ఒక చెయ్యి వేశాయి. మన ప్రత్యేక సంచికల్లో వచ్చే అభినందన వ్యాసాలైతే యంత్రం పుట్టకముందే యంత్రం రాసినట్టుండేవి. తేడా వేగంలో ఉంది. పత్రిక డెస్కు దిద్దేది అచ్చుకు వచ్చిన రాతనే. ఇప్పుడు ఉత్తరం, సంతాప సందేశం, ఫిర్యాదు అర్జీ, డైరీ కూడా అదే చేతి కింద నుంచి వెళ్తున్నాయి. డెస్కుకు ఇంకో ఊళ్లో ఇంకో డెస్కు పోటీ ఉండేది, ఇక్కడ నాలుగైదు నమూనాలే లోకానికంతటికీ.

రెండు: దీనివల్ల రాయలేనివాళ్లు రాస్తున్నారు. ఇదీ నిజమే, దీనికి ఆధారం కూడా ఉంది. 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో దాదాపు మూడొందల మంది చిన్న కథలు రాశారు. కొందరికి యంత్రం కథావస్తువులు అందించింది. వాళ్ల కథలు విడివిడిగా చూస్తే పాఠకులకు ఎక్కువ నచ్చాయి, ముఖ్యంగా మామూలుగా అంత బాగా రాయలేనివారివి. అన్నీ ఒక చోట పెట్టి చూస్తే మాత్రం అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. రాసేవాడికి లాభం, సాహిత్యానికి నష్టం. రెండూ ఒకేసారి నిజం కాబట్టే ఈ చర్చ తెగదు. ఒక్కొక్కరినీ అడిగితే 'నాకు మేలే జరిగింది' అంటారు, అబద్ధం కాదు.

మూడో వాదన నాకు నచ్చినది. 'ఆసు పోసే యంత్రం వస్తే సంతోషించాం కదా, రాసే యంత్రానికి ఎందుకు ఏడుపు?' అని ఒకామె అడిగారు. చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రాన్ని తప్పుపట్టేవాడు ఆడవాళ్ల భుజాల గురించి ఆలోచించనివాడే. కాని ఆ యంత్రం నూలు చుడుతుంది, చీర మీద ఏ బొమ్మ రావాలో చెప్పదు. రాతలో చుట్టే పని కొంత ఉంది: టైపు కొట్టడం, మాట్లాడినదాన్ని అక్షరాల్లోకి మార్చడం, అచ్చుతప్పులు ఏరడం. బొమ్మ నిర్ణయించే పని కొంత ఉంది: ఏం చెప్పాలి, ఏం దాచాలి, ఎక్కడ ఆపాలి. చిక్కేమిటంటే 'మెరుగుపరచు' అనే ఒక్క ఆజ్ఞలో రెండూ కలిసిపోతాయి. అక్షరాలు దిద్దమన్నామని మనం అనుకుంటాం, అది బొమ్మ మార్చేస్తుంది. పైన మనం చూసింది అదే.

## ఎక్కడ ఎంత ముఖ్యం

సొంత గొంతు అన్ని రాతల్లోనూ ఒకేలా అవసరం లేదు. కరెంటు బిల్లు మీద అర్జీ ఎవరు రాసినా ఒకటే, పని జరగాలి. కథలో 'నేను' అన్నది పాత్ర. రచయిత అబద్ధం చెబుతాడని అందరికీ తెలుసు, అందుకే కథ. అక్కడ యంత్రం వాడకం మీద రుచిభేదం ఉండవచ్చు. 2024 జనవరిలో జపాన్‌లో అకుతాగావా బహుమతి అందుకున్న రీ కుదాన్ తన నవలలో దాదాపు ఐదు శాతం చాట్‌జీపీటీ వాక్యాలని చెప్పారు. నవలలో యంత్రం మాట్లాడే సందర్భాలకే వాటిని వాడానన్నారు. దాని మీద వాదించుకోవచ్చు, మోసం అనలేం.

అనుభవ కథనం అలా కాదు. ఆత్మకథ, జ్ఞాపకం, ఊరి చరిత్ర, పని పాటల వివరం సాక్ష్యాలు. 'నేను చూశాను' అనే హామీ మీద పాఠకుడు చదువుతాడు. అందులో లేని చిరునవ్వు చేరితే అది శైలీదోషం కాదు, దొంగ సాక్ష్యం. యాభై ఏళ్ల తర్వాత చేనేత ఆడవాళ్ల శ్రమ గురించి వెతికేవాడికి ఆ రెండో పేరా దొరికితే అతనికి తెలిసేది: వాళ్లు నూలు వడికేవారు, నవ్వుతూ ఉండేవారు. ఇక్కడ యంత్రాల పక్షాన కూడా ఒక లెక్క ఉంది. నమూనాలు రాసినదాన్నే మళ్లీ నమూనాలకు శిక్షణగా తరం తర్వాత తరం వేస్తూ పోతే అరుదైనవన్నీ ముందుగా మాయమవుతాయని, చివరికి పాఠమే చెడిపోతుందని 2024 జులైలో నేచర్ పత్రికలో ఒక పరిశోధన చూపింది. మనుషుల పాఠం కలుస్తూ ఉంటే ఆ చెడు నెమ్మదిస్తుందని ఇతరులు వాదించారు. ఎటు చూసినా తెలుగులో ముందు పోయేది ఆసు లాంటి మాటే.

## పట్టుకోగలమా?

పోటీలు నడిపేవాళ్ల ప్రశ్న ఇది. యంత్రం రాసినదాన్ని పట్టే యంత్రాల మీద ఆధారపడలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తానే ఒకటి తెచ్చింది. యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే అది గుర్తించింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివని చెప్పింది. కచ్చితత్వం లేదని అదే ఏడు జులైలో తీసేశారు. అదే ఏడు వచ్చిన మరో పరిశోధనలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని ఇలాంటి పరికరాలు తేల్చాయి. సాదా మాటలు, ఊహించగల వాక్యాలు రాయడమే వాళ్ల నేరం. కొత్తగా రాయడం నేర్చుకుంటున్న తెలుగు పిల్లవాడికి కూడా ఇదే గతి పడుతుంది.

చట్టం ఇంకో వైపు చూస్తుంది. మన కాపీరైటు చట్టం 1957, సెక్షన్ 2(డి)(6) ప్రకారం కంప్యూటరు సాయంతో పుట్టిన రచనకు కర్త దాన్ని పుట్టించడానికి కారణమైన మనిషి. చాట్‌జీపీటీ కాలం కోసం రాసింది కాదది. హక్కు ఎవరిదో చెబుతుంది గాని సాక్ష్యం ఎవరిదో చెప్పదు.

మనిషి మనిషిని అడగడమే కాస్త పనికొస్తుంది. ఆ పేరా రాసిన వ్యక్తిని 'ఆసుకు మేకులు ఎలా బిగిస్తారు, అమ్మ ఏ చేత్తో పోసేది?' అని అడిగితే ఇంకో పేరా దొర్లుతుంది. అరువు తెచ్చుకున్నవాడి దగ్గర త్యాగం, చిరునవ్వు తప్ప ఏమీ ఉండవు. ఇదీ పూర్తి పరీక్ష కాదు. సిగ్గరి మాట్లాడలేడు, మాటకారి ఏదైనా చెప్పగలడు.

మా సంఘం చివరికి ఒక నిబంధన ఒప్పుకుంది: వార్షిక సంచికకు పంపే అనుభవ వ్యాసాలతో పాటు దిద్దకముందటి ప్రతి కూడా పంపాలి. చేతిరాత కాగితమైనా, ఫోన్‌లో చెప్పి రికార్డు చేసిందైనా సరే. కథలకు, కవితలకు కూడా ఇదే పెట్టాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ ఆ రోజు కుదరలేదు. ఆ విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.